ఆ నాలుగు సెకన్లు ఎవరివి?

తిరుమలలో మహాద్వారం, వెండివాకిలి దాటుకుని బంగారు వాకిలి ముందుకు చేరేసరికి భక్తుడి కాళ్లకు చెప్పులుండవు, భుజాన సంచి ఉండదు, చేతిలో ఫోనూ ఉండదు. జయవిజయుల దగ్గర నిలబడి చూస్తే లోపల స్నపన మండపం, దాని తర్వాత రాములవారి మేడ, శయన మండపం, ఆపైన కులశేఖరపడి అనే గడప వరసగా ఉంటాయి. ఆ గడపకు అవతల దీపాల వెలుగులో మూలవిరాట్టు. రద్దీ రోజుల్లో గడప దాకా వెళ్లనివ్వరు, దూరం నుంచే దర్శనం. కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి కూర్చుని, పిల్లలకు పాలు పట్టించి, పెద్దవాళ్ల కాళ్లు నొక్కి, చివరికి చేరుకున్నాక దక్కేవి కొన్ని సెకన్లే. ఈలోపే ‘జరగండమ్మా, జరగండి’ అని సేవకుల కేక వినిపిస్తుంది.

గర్భాలయం దగ్గర ఫోన్లు, కెమెరాలు వద్దన్న నియమం గురించి మాట్లాడుకునేటప్పుడు ముందు గుర్తుంచుకోవలసింది ఈ కొన్ని సెకన్లనే. మామూలుగా ఆ నియమం మనకు ఎదురయ్యేది తనిఖీల రూపంలో. స్కానింగ్ యంత్రం, జేబులు తడిమే చేతులు, ‘ఫోటోలు తీసినచో కఠిన చర్యలు’ అనే బోర్డు. అందుకే చాలామందికి అది భద్రతా సిబ్బంది తలనొప్పిలాగే కనిపిస్తుంది. భద్రత కూడా ఒక కారణమే, కాదనలేం. కానీ అది వేరే లెక్క. గుడి ఆవరణ మ్యాపు, ఆభరణాలు, జనం కదిలే దారులు బయటపడకూడదన్నది భద్రత గొడవ. గర్భాలయం ముందు కెమెరా వద్దనడానికి భక్తి వైపు నుంచే సరిపడా కారణాలున్నాయి. అవి అర్థమైతే నియమం పాటించడానికి కాపలా అంతగా అక్కర్లేదు.

మొదటి కారణం వెలుతురు. మన గుళ్లు కట్టిన పద్ధతిలోనే ఒక క్రమం ఉంది. ఆరుబయట ప్రాకారం, తర్వాత మహామండపం, ముఖమండపం, అంతరాలయం, చివరికి గర్భాలయం. ఒక్కొక్క గడప దాటేకొద్దీ కిటికీలు తగ్గుతాయి, కప్పు కిందికి దిగుతుంది, చీకటి చిక్కబడుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ దాదాపు 1,00,000 లక్సులు. ఒక కొవ్వొత్తి మీటరు దూరంలో ఇచ్చే వెలుతురు సుమారు 1 లక్సు. నూనె దీపం కూడా ఆ కోవలోదే. ఇంత తేడాకు కన్ను ఒక్కసారిగా అలవాటు పడలేదు. ఎండలోంచి చీకట్లోకి వచ్చాక మొదటి కొన్ని నిమిషాల్లో కొంత సర్దుకుంటుంది, పూర్తిగా సర్దుకోవడానికి అరగంట దాకా పడుతుంది. మండపాల్లో మెల్లగా నడుస్తూ, ఆగుతూ వచ్చే క్యూ ఆ పని చేసిపెడుతుంది. గడప ముందుకు వచ్చేసరికి కన్ను సిద్ధంగా ఉంటుంది కాబట్టే రెండు దీపాల వెలుగులో స్వామి ముఖం, పూలమాల, కిరీటం అంచు మనకు కనిపిస్తాయి.

అంతలో ముందు నిలబడ్డ మనిషి చెయ్యెత్తి ఫోను పెడతాడు. ఆ తెర వెలుగు అతని వెనకున్న నలుగురి కళ్లలో పడుతుంది. సిద్ధమైన కన్ను మళ్లీ మొదటికొస్తుంది. ఫ్లాష్ వెలిగిందంటే ఇక చెప్పనక్కర్లేదు. దీపాల మధ్య నల్లగా కనిపించాల్సిన రూపం కాసేపు మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. ఆ ‘కాసేపు’ అయ్యేలోపు వాళ్ల దర్శనం కూడా అయిపోతుంది. వాళ్లు ఎవరికీ ఫిర్యాదు చేయరు, ఏం జరిగిందో కూడా వాళ్లకు సరిగ్గా తెలియదు. ‘ఈసారి స్వామి సరిగా కనిపించలేదమ్మా’ అనుకుంటూ బయటికి వస్తారు.

రెండో కారణం వరస. ఫోటో అంటే చిటికెలో అయిపోయే పనే కదా అనిపిస్తుంది. ఎండలో అయితే నిజమే. దీపం వెలుగులో ఫోను అలా పనిచేయదు. వెలుతురు చాలదని తెలియగానే ఇప్పటి ఫోన్లు వాటంతటవే నైట్ మోడ్‌లోకి పోతాయి. వరసగా కొన్ని చిత్రాలు తీసి, వాటిని కలిపి ఒకటి చేస్తాయి. అందుకు ఒకటి రెండు సెకన్లో, ఇంకాస్త ఎక్కువో పడుతుంది. అప్పటిదాకా కదలకుండా పట్టుకోమని తెరమీద చెబుతాయి కూడా. వెనకనుంచి తోపులాట ఉన్నచోట చెయ్యి కదలకుండా ఉండదు కాబట్టి మొదటి ఫోటో మసకబారుతుంది. రెండోది తీయాలి. ఈలోపు ముందున్న వాళ్లు వెళ్లిపోతారు, వెనకున్నవాళ్లు ఆగిపోతారు.

దీన్ని లెక్క వేసి చూద్దాం. ఒక గుడిలో ఒకే వరస ఉందనుకుందాం. సెకనుకు ఒకరు చొప్పున కదిలితే గంటకు 3,600 మందికి దర్శనం అవుతుంది. వారిలో ఇరవైమందికి ఒకరు మాత్రమే ఫోటో కోసం అదనంగా నాలుగు సెకన్లు ఆగారనుకుందాం. అంటే 180 మంది, 720 సెకన్లు, అక్షరాలా 12 నిమిషాలు. గంటలో కావలసిన పని గంటా పన్నెండు నిమిషాలు పట్టింది. అంటే ఆ వేగంతో గంటకు దర్శనమయ్యేది 3,000 మందికే. మిగతా 600 మంది వెనకబడ్డారు. ఇలా పది గంటలు సాగితే ఆరువేల మంది మిగిలిపోతారు. వాళ్లందరి దర్శనం పూర్తికావాలంటే మరో రెండు గంటలు గుడి తెరిచి ఉంచాలి. ఇరవైలో పందొమ్మిది మంది అసలు ఫోను బయటికి తీయకపోయినా జరిగే నష్టం ఇది.

తిరుమలకు మామూలు రోజుల్లో వచ్చేవాళ్లే అరవై, డెబ్బై వేలమంది. స్వామికి నైవేద్యాలు, సేవలు, ఏకాంతం ఉన్నాయి కాబట్టి తలుపులు తెరిచి ఉంచే సమయాన్ని ఇష్టమొచ్చినట్టు పొడిగించడం కుదరదు. పోయిన సమయాన్ని ఇంకెక్కడో రాబట్టాలి. ఎక్కడ? మనుషుల్ని తొందరపెట్టి. గడప దగ్గర చెయ్యిపట్టి లాగుతున్నారని, మొక్కుకోనివ్వరని భక్తులు బాధపడటం తరచూ వింటాం. ఫోను అనుమతిస్తే ఆ లాగుడు ఇంకా పెరుగుతుందే తప్ప తగ్గదు. ముందువాడు ఫోటోకు తీసుకున్న నాలుగు సెకన్లు అతనివి కావు. వెనకున్న ముసలమ్మ దండం పెట్టుకోవాల్సినవి.

ఫోటో తీసుకున్న మనిషికైనా ఏం మిగులుతుంది? దీనిమీద అమెరికాలో లిండా హెన్కెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక మ్యూజియంలో ప్రయోగం చేసి 2014లో ఫలితాలు ప్రచురించారు. కొన్ని వస్తువులను ఫోటో తీయమని, కొన్నిటిని ఊరికే చూడమని విద్యార్థులకు చెప్పారు. మర్నాడు అడిగితే, ఊరికే చూసిన వస్తువుల కంటే ఫోటో తీసిన వస్తువుల వివరాలే తక్కువ గుర్తున్నాయి. కెమెరా దాచిపెడుతుందన్న ధీమాతో మనసు తన పని మానేస్తుందన్నమాట. అదే ప్రయోగంలో ఇంకో విశేషం కూడా తేలింది. ఒక వస్తువులో ఏదో ఒక భాగం మీదికి జూమ్ చేసి తీసినవాళ్లలో ఈ మతిమరుపు కనిపించలేదు. అంటే తప్పు యంత్రానిది కాదు, చూపు దేనిమీద నిలిచిందన్నదే ముఖ్యం. మ్యూజియంలో తీరిగ్గా జూమ్ చేసుకోవచ్చు. కొన్ని సెకన్లే దొరికే గర్భాలయం ముందు చూపు నిలిపే చోటు ఒకటే ఉంది, అది తెర కాదు.

మూడో కారణం అన్నిటికంటే పాతది. గర్భాలయంలో ఎవరు ఎప్పుడు ఎంత చూడవచ్చన్నది కెమెరా పుట్టకముందే ఉన్న నియమం. ఏ ఊరి గుళ్లోనైనా అర్చకులు తెర వేయడం మనం చూస్తూనే ఉంటాం. అలంకారం మారుస్తున్నప్పుడు తెర, నైవేద్యం పెట్టేటప్పుడు తెర. గంట మోగాక తెర తీస్తారు. అంతసేపూ బయట నిలబడ్డ జమీందారైనా, కూలివాడైనా కాచుకోవలసిందే. స్వామిని రాతిబొమ్మగా కాక, నిద్రలేచి, స్నానం చేసి, భోంచేసి, విశ్రమించే ప్రభువుగా చూసే సంప్రదాయమిది. ప్రభువుకు తన ఏకాంతం తనకుంటుంది.

తిరుమలలో ఈ క్రమం వారం పొడుగునా కనిపిస్తుంది. గురువారం స్వామి ఆభరణాలు సడలిస్తారు, నుదుటి మీది పెద్ద నామాన్ని తగ్గిస్తారు. మిగతా రోజుల్లో నామం చాటున ఉండే కళ్లు ఆ రోజు కనిపిస్తాయి. అందుకే దాన్ని నేత్రదర్శనం అంటారు. శుక్రవారం అభిషేకం, ఆపై మళ్లీ అలంకారం. గురువారంనాడు వెళ్లగలిగిన భక్తుడు ‘ఈసారి కళ్లు చూశాం’ అని ఊళ్లో చెప్పుకుంటాడు. ఆ మాటకు విలువ ఎందుకంటే, అది గురువారానిది కాబట్టి.

సింహాచలంలో ఇది ఏడాది లెక్క. వరాహ లక్ష్మీనరసింహస్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయ తృతీయనాడు మాత్రం చందనం ఒలిచి నిజరూప దర్శనం ఇస్తారు. ఆ రోజు కాగానే మళ్లీ పూత మొదలవుతుంది. విడతకు మూడు మణుగుల చొప్పున అక్షయ తృతీయకు, వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు, మొత్తం నాలుగు విడతల్లో చందనం సమర్పిస్తారు. ఏడాదికోసారి కనిపించే ఆ రూపాన్ని ఎవరో ఫోనులో పట్టి, మర్నాటి నుంచి పొద్దున్నే ‘శుభోదయం’ సందేశం కింద అందరికీ పంపితే ఏమవుతుంది? విగ్రహానికి ఏమీ కాదు. కానీ ఆ ఒక్కరోజు కోసం కొండెక్కిన ఆరాటానికి అర్థం పోతుంది. దాచిపెట్టడం కూడా ఆరాధనలో భాగమైన చోట, కెమెరా చేసేది ఫోటో తీయడం ఒక్కటే కాదు, తెర లాగెయ్యడం కూడా.

అలాగని గుడి భక్తుల కళ్లకు దేవుణ్ణి దాచేస్తోందని కాదు. వైఖానస ఆగమం ప్రకారం తిరుమలలో ఐదు మూర్తులున్నాయి. కదలని ధ్రువబేరం మూలవిరాట్టు. ఊరేగింపులకు, కల్యాణాలకు బయటికి వచ్చే ఉత్సవబేరం మలయప్పస్వామి. లోపలికి రాలేనివాళ్లకు తానే బయటికి వచ్చి కనబడటానికే ఉత్సవమూర్తి. బ్రహ్మోత్సవాల్లో మాడవీధుల్లో గరుడవాహనం వస్తుంటే వేలాది ఫోన్లు పైకి లేస్తాయి, టీటీడీ చానల్ ఎస్వీబీసీ ప్రత్యక్షంగా చూపిస్తుంది. కరోనా రోజుల్లో 2020 ఆగస్టు నుంచి కల్యాణోత్సవాన్ని ఇళ్లనుంచే చూసేలా ఆన్‌లైన్‌లో పెట్టారు. కాబట్టి కెమెరాకూ భక్తికీ పుట్టుకతో వైరం లేదు. బయటికి వచ్చిన మూర్తి అందరికీ, లోపలున్న మూర్తి దగ్గరికి వచ్చినవాళ్లకు. ఆ గీత గడప దగ్గర ఉంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నియమాన్ని సమర్థించడానికి కొందరు లేనిపోని కారణాలు చెబుతుంటారు. ఫ్లాష్ వెలుతురుకు శిలావిగ్రహం అరిగిపోతుందంటారు, ఫోను తరంగాలకు మూర్తిలోని శక్తి తగ్గిపోతుందంటారు. వీటికి ఆధారాల్లేవు. వందల ఏళ్లుగా హారతులు, అభిషేకాలు తట్టుకున్న రాయి ఫ్లాష్‌కు అరగదు. ఇలాంటి మాటలు చెబితే చదువుకున్న కుర్రవాడు నవ్వుతాడు, నవ్వాక అసలు కారణాలు కూడా వినడు. ఉన్న కారణాలే చాలు.

నియమం కాగితం మీదికి ఎలా ఎక్కిందో చూస్తే దాని బలం, బలహీనత రెండూ తెలుస్తాయి. తమిళనాడులో తిరుచెందూరు సుబ్రహ్మణ్యస్వామి గుళ్లో భక్తులు విగ్రహాలను, పూజలను ఫోన్లలో తీసి పెట్టేస్తున్నారని మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ముందుకు పిటిషన్ వచ్చింది. 2022 డిసెంబరులో ధర్మాసనం రాష్ట్రంలోని గుళ్లన్నిటిలో ఫోన్లను నిషేధించాలని దేవాదాయ శాఖను ఆదేశించింది. అయితే నిషేధించమని చెప్పి ఊరుకోలేదు, ఫోన్లు దాచుకునే ఏర్పాటు కూడా చేయాలంది. ఆ తర్వాత ఇతర రాష్ట్రాల్లోనూ ఇదే దారి. 2023 జులైలో కేదారనాథ్ ఆలయంలో ఫోటోలు, వీడియోలు వద్దన్నారు. 2024 మేలో అయోధ్య రామాలయంలోకి ఫోన్లు నిషేధించారు.

బలహీనత కూడా త్వరలోనే బయటపడింది. 2025 జనవరిలో అయోధ్యలో ఒక వ్యక్తి కళ్లద్దాల్లో ఉన్న కెమెరాతో ఫోటోలు తీస్తూ పట్టుబడ్డాడు. అదే ఏడాది జులైలో తిరువనంతపురం పద్మనాభస్వామి గుళ్లోనూ అలాంటి కళ్లద్దాలతోనే ఒకరు దొరికారు. మామూలు కళ్లజోడుకూ దీనికీ పైకి తేడా పెద్దగా తెలియదు. చత్వారం ఉన్న ప్రతి భక్తుడి కళ్లద్దాలూ విప్పించి చూడటం అయ్యే పని కాదు. యంత్రాన్ని పట్టుకోవడం మీదే ఆధారపడ్డ నియమం యంత్రం చిన్నదయ్యేకొద్దీ ఓడిపోతుంది. తీయగలిగీ తీయకుండా ఉండే భక్తుడే దానికి చివరి రక్ష.

ఆ భక్తుణ్ణి తయారుచేయడం మాటలతో అయ్యే పని కాదు. గుడి తన వంతు ఏర్పాటు చేసినప్పుడే అతను తన వంతు చేస్తాడు. ఆ ఏర్పాట్లలో మొదటిది కౌంటరు. ఫోను తీసుకునే కౌంటరు క్యూ మొదట్లో ఉండాలి. సగం దూరం వచ్చాక ‘వెనక్కి వెళ్లి ఇచ్చి రండి’ అంటే ఏ భక్తుడికైనా ఒళ్లు మండుతుంది, మర్నాడు ఫోను బొడ్లో దాచుకుని వస్తాడు. లోపలికి వెళ్లే దారి, బయటికి వచ్చే దారి వేరైన చోట ఇచ్చిన ఫోను బయటి దారికి చేరాలి. తిరుమలలో ఉచితంగా తీసుకుని ఇలాగే ఇస్తారు. కాళ్లు కాలే ఎండలో చెప్పుల్లేకుండా గుడి చుట్టూ తిరిగి ఫోను తెచ్చుకోమనే గుళ్లూ ఉన్నాయి. అక్కడ నియమం మీద గౌరవం మిగలదు.

భక్తుడి వైపు నుంచి కూడా కొన్ని జాగ్రత్తలున్నాయి. ఇప్పుడు టికెట్లన్నీ ఫోనులోనే ఉంటున్నాయి. ఫోను కౌంటర్లో ఇచ్చేశాక గేటు దగ్గర టికెట్ చూపించమంటే గుండె జారుతుంది. కాబట్టి టికెట్ ముందే ప్రింటు తీసుకోవాలి, ఆధార్ కార్డు చేతిలో ఉంచుకోవాలి. ఫోన్లన్నీ ఒకే రసీదు మీద ఇచ్చి, ఆ రసీదు జేబులో కాక కుటుంబంలో నమ్మకమైన ఒకరి దగ్గర భద్రంగా ఉంచాలి. తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో లోపలికి వెళ్లకముందే అనుకోవాలి. తిరుమలలో అయితే మహాద్వారానికి ఎదురుగా ఉన్న బేడి ఆంజనేయస్వామి గుడి అందరికీ తెలిసిన గుర్తు. పెద్దవాళ్లకు, చిన్నపిల్లలకు చీటీ మీద పేరు, ఇంట్లోవాళ్ల నంబరు రాసి జేబులో పెడితే ఫోను లేని ఆ నాలుగైదు గంటలు కంగారుండదు. ఫోను లేకపోతే దిక్కుతోచని స్థితి మనసులో ఉన్నంతసేపూ మనిషి క్యూలో ఉన్నా, మనసు కౌంటర్లోనే ఉంటుంది.

మినహాయింపులు కూడా ముందే ఆలోచించి పెట్టుకోవాలి. చక్కెర వ్యాధి ఉన్న కొందరికి చేతికి అంటించిన సెన్సరు రక్తంలో చక్కెరను కొలిచి ఫోనుకు పంపుతుంది. గంటల క్యూలో ఆ ఫోను లేకపోతే, చక్కెర పడిపోతున్నా హెచ్చరిక రాదు. అలాంటివాళ్లకు ఫోనును మూసిన కవరులో వెంట ఉంచుకోనివ్వడమో, త్వరగా దర్శనం చేయించి పంపడమో చేయాలి. ఇది నియమాన్ని సడలించడం కాదు. కాపాడాల్సింది భక్తినే అయితే భక్తుడి ప్రాణం అందులో మొదటిది.

పెద్ద గుళ్ల సంగతి ఇలా ఉంటే, కౌంటరూ కాపలాదారూ లేని ఊరి గుళ్లలో ఏం చేయాలి? అక్కడ ఉన్నది అర్చకుడొక్కరే. కార్తీక సోమవారం ఉదయం ఊరి శివాలయంలో జరిగేదే తీసుకుందాం. అభిషేకం నడుస్తోంది. ముందు వరసలో ఒక పెద్దావిడ వీడియో కాల్ పెట్టి ఫోను ఎత్తి పట్టుకుంది. అవతల డాలస్‌లో కొడుకు, కోడలు, మనవడు. ఆవిడలో ఆడంబరమేమీ లేదు, ఉన్నది ప్రేమే. ‘ఫోటోలు నిషేధం’ అని కసిరితే ఆవిడ చిన్నబుచ్చుకుంటుంది, పక్కవాళ్లు ‘అయ్యో పాపం’ అంటారు, నియమం అక్కడే ఓడిపోతుంది.

అనుభవమున్న అర్చకుడు అలా అనడు. ‘అమ్మా, స్వామి అభిషేకంలో ఉన్నాడు, ఫోను కాసేపు పక్కన పెట్టండి. అబ్బాయి గోత్రం, ముగ్గురి పేర్లూ చెప్పండి, సంకల్పంలో చదువుతాను. పూజ అయ్యాక మండపంలో ఉత్సవ విగ్రహాల దగ్గర కాల్ పెట్టుకుందురుగాని, అక్కడ తనివితీరా చూపించండి’ అంటాడు. దూరాన ఉన్నవాళ్లను గుళ్లోకి తేవడానికి మనవాళ్లకు వీడియో కంటే ముందునుంచీ ఉన్న దారి గోత్రనామాలు. కొడుకు పేరు గర్భాలయంలో వినిపించింది, తల్లి ఫోను దించింది, వెనకున్నవాళ్లకు శివలింగం కనిపించింది. ఎవరి మనసూ నొచ్చుకోలేదు.

చిన్న గుడి ఇలా మూడు గీతలు గీసుకుంటే చాలు. ధ్వజస్తంభం దాకా ఫోటోలకు అడ్డులేదు. గోపురం, కోనేరు, రథం, పిల్లల సరదా అన్నీ అక్కడే. మండపంలో ఫోను మౌనంగా జేబులో ఉండాలి, ఉత్సవాలప్పుడు, కల్యాణాలప్పుడు మాత్రం బయటికి తీయవచ్చు. అంతరాలయం గడప దగ్గర ఏ రోజైనా, ఎవరైనా తీయకూడదు. బోర్డు మీద రాసే మాట కూడా మారాలి. ‘ఫోటోలు తీయుట నేరం, ఉల్లంఘించినవారిపై చర్యలు తీసుకొనబడును’ అన్న బోర్డును చదివి భయపడినవాడు కాపలా లేని సమయం కోసం చూస్తాడు. ‘మీ వెనక ఉన్నవారు కూడా స్వామిని చూడటానికే వచ్చారు. దయచేసి ఇక్కడి నుంచి ఫోను జేబులో ఉంచండి’ అని రాస్తే చదివినవాడు ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాడు. ఖర్చు రెండిటికీ ఒకటే.

అన్నిటికంటే నియమాన్ని ఎక్కువగా దెబ్బతీసేది ఒకటుంది, మినహాయింపు పొందిన పెద్దమనిషి. సామాన్యుడి ఫోను కౌంటర్లో పెట్టించి, వెంటనే వచ్చిన ప్రముఖుడి అనుచరుడు అంతరాలయంలో ఫోటోలు తీస్తుంటే, అర్చకులే పక్కకు జరిగి చోటిస్తుంటే, క్యూలో నిలబడ్డ ఐదొందల మందికి ఒకే సంగతి అర్థమవుతుంది. ఈ నియమం దేవుడి కోసం కాదు, మన కోసమేనని. ఆ తర్వాత ఎన్ని బోర్డులు పెట్టినా ఎవరూ నమ్మరు.

అందుకే ఆలయ ఈవోలకు, ధర్మకర్తలకు ఒక విన్నపం. గడప దగ్గర ఫోను వద్దన్న నియమం మొదట సిబ్బందికి, అర్చకులకు, వారి వెంట వచ్చే ప్రముఖులకు వర్తింపజేయండి, ఆ తర్వాత మాకు చెప్పండి. కౌంటరు సరైన చోట పెట్టండి, కారణం బోర్డు మీద రాయండి. ఇక మనం చేయవలసింది, ఈసారి వెళ్లినప్పుడు ఎవరూ తనిఖీ చేయని చోట కూడా ఫోను జేబులోంచి తీయకుండా ఉండటం. ఆ నాలుగు సెకన్లు మనవీ, మన వెనకవాళ్లవీ.